కిడ్నీ రోగి డైట్ షీట్: అరటిపండు మానేసినా పొటాషియం ఎందుకు పెరిగింది?

కిడ్నీ జబ్బు ఉందని తేలినవాళ్ల చేతికి మందుల చీటీతో పాటు చాలాసార్లు ఇంకో కాగితం కూడా వస్తుంది. అందులో ఒక పక్కన తగ్గించాల్సిన ఆహారం, ఇంకో పక్కన తినదగిన ఆహారం రాసి ఉంటాయి. తగ్గించాల్సిన వాటిలో అరటి, నారింజ, టమాటా, బంగాళదుంప, పాలకూర, ఎండు పండ్లు, గింజలు, పాలు, చీజ్ తప్పకుండా ఉంటాయి. కాగితం ఇంటికి చేరేసరికి "తగ్గించాలి" అన్న మాట కాస్తా "ముట్టుకోకూడదు" అయిపోతుంది. ఎంత తగ్గించాలి, ఎందుకు తగ్గించాలి, దాని బదులు ఏం తినాలి అన్న మూడు ప్రశ్నలకు ఆ జాబితాలో జవాబు దొరకదు. భయంతో అన్నీ మానేసినవాళ్లు నీరసపడతారు. ఇంకొందరు షీట్‌ను అక్షరాలా పాటించినా రక్త పరీక్షలో అంకెలు మెరుగుపడవు. ఈ రెండో రకం వాళ్ల సంగతి అర్థం చేసుకుంటే షీట్‌ను ఎలా చదవాలో తెలుస్తుంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. వయసు 58, బరువు 60 కిలోలు, షుగర్, బీపీ రెండూ ఉన్న మనిషి. కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్ 28, అంటే కిడ్నీ జబ్బు నాలుగో దశ. డయాలసిస్ ఇంకా మొదలవలేదు. రక్తంలో పొటాషియం 5.3 ఉందని డైట్ షీట్ ఇచ్చారు. మామూలుగా అది 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. ఆయన రోజూ తినే అరటిపండు ఆ రోజు నుంచే మానేశారు, టమాటా వంటింట్లోకి రానివ్వలేదు. నెల తర్వాత పరీక్ష చేయిస్తే పొటాషియం 5.8. ఇంట్లో అందరికీ టెన్షన్. ఇంకేం మానాలి, ఇంకేం మిగిలింది అన్నదే వాళ్ల ప్రశ్న.

నిజానికి అడగాల్సింది ఏం మానాలని కాదు, మానేసిన వాటి స్థానంలోకి ఏం వచ్చిందని.

కొత్తగా వచ్చి చేరినవి

షీట్‌లో మొదటి లైను "ఉప్పు తగ్గించండి" అని ఉంది. దాని కోసం ఆ ఇంట్లో మామూలు ఉప్పు తీసేసి, సోడియం తక్కువని ప్యాకెట్ మీద రాసి ఉన్న ఉప్పు తెచ్చారు. బీపీ ఉన్నవాళ్లకు మంచిదని ఎవరో చెప్పారు. కిడ్నీలు బాగున్నవాళ్ల విషయంలో ఆ మాట నిజమే. కానీ ఆ ఉప్పులో సోడియం క్లోరైడ్‌ను కొంత తీసేసి దాని బదులు కలిపేది పొటాషియం క్లోరైడ్. దాని బరువులో సగానికి పైగా, సుమారు 52 శాతం, పొటాషియమే. ఆ ప్యాకెట్‌లో పొటాషియం క్లోరైడ్ 30 శాతం ఉందనుకుంటే, రోజుకు 5 గ్రాముల ఉప్పు వాడినా దాదాపు 780 మిల్లీగ్రాముల పొటాషియం ఒంట్లోకి చేరుతుంది. ఒక మోస్తరు అరటిపండులో ఉండేది 420 మిల్లీగ్రాములు. అంటే అరటిపండు మానేసిన మనిషి, తెలియకుండా రోజూ దాదాపు రెండు అరటిపండ్లంత పొటాషియం ఉప్పు రూపంలో తింటున్నారు.

ఈ ఉప్పుల వాడకం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఇచ్చిన సూచనల్లో కూడా కిడ్నీ పనితీరు దెబ్బతిన్నవాళ్లను పక్కన పెట్టింది. ప్యాకెట్ మీద ముందువైపు గుండె బొమ్మ ఉండొచ్చు, వెనకవైపు సన్నని అక్షరాల్లో పొటాషియం క్లోరైడ్ అనో, 508 అనే అంకె మాత్రమేనో ఉంటుంది. చూడాల్సింది వెనకవైపు.

రెండోది సూప్. కూరగాయలు ఉడికించి తినండి అని షీట్‌లో ఉంది. ఉడికించడం ఎందుకో రాయలేదు. పొటాషియం నీళ్లలో కరుగుతుంది, కాబట్టి ఉడికించిన నీళ్లలోకి దిగిపోతుంది, ఆ నీళ్లు పారబోస్తే పోతుంది. ఆ ఇంట్లో మాత్రం క్యారెట్, కాలీఫ్లవర్, బీన్స్ కలిపి పావు కిలో ఉడికించి, సత్తువ పోకూడదని అదే నీళ్లతో సూప్ చేసి ఇచ్చారు. అన్ని కూరగాయల్లో సుమారు 700 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. నీళ్లు వంపేసి ఉంటే అందులో మూడో వంతు నుంచి సగం దాకా తగ్గేది. సూప్ తాగడంతో ఒక్క మిల్లీగ్రాము కూడా తగ్గలేదు. ప్రేమగా చేసిన పనే, కానీ షీట్ రాసినవాళ్లు ఒక్క వాక్యం ఎక్కువ రాసి ఉంటే ఇది జరిగేది కాదు.

మూడోది నారింజ రసం. సాయంత్రాలు షుగర్ పడిపోయి వణుకు వస్తే ఒక గ్లాసు తాగుతున్నారు. పండుగా నారింజ మానేశారు గానీ, రసాన్ని మందులా చూశారు కాబట్టి అది లెక్కలోకి రాలేదు. 200 మిల్లీలీటర్ల రసంలో 400 మిల్లీగ్రాముల వరకు పొటాషియం ఉంటుంది. షుగర్ పడినప్పుడు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగినా, 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకున్నా అంతే త్వరగా పని జరుగుతుంది, పొటాషియం చేరదు. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. కిడ్నీ పనితీరు తగ్గేకొద్దీ ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతుంది. పాత డోసే ఇప్పుడు ఎక్కువవుతుంది. సాయంత్రం పదే పదే వణుకు వస్తోందంటే అది డాక్టర్‌కు చెప్పి డోసు సరిచేయించుకోవాల్సిన విషయం.

ఇప్పుడు కూడిక వేస్తే లెక్క తేలుతుంది. మానేసిన అరటిపండు, ఒక టమాటా కలిపి సుమారు 700 మిల్లీగ్రాములు. కొత్తగా చేరినవి ఉప్పులో 780, రసం తాగిన రోజున 400, పారబోయాల్సిన నీళ్లలో 300 దాకా. మానినదానికి రెట్టింపు చేరింది. ఆయన షీట్ తప్పలేదు, షీట్‌లో లేనివి ఆయన్ను ముంచాయి.

పొటాషియం బయటికి పోయే దారులు

తిన్న పొటాషియంలో 90 శాతం దాకా మామూలుగా మూత్రంలోనే పోతుంది. మిగిలినది మలంలో పోతుంది. కిడ్నీలు మందగించేకొద్దీ పెద్దపేగు ఆ భారం కొంత తీసుకుంటుంది. అందుకే కిడ్నీ రోగికి మలబద్ధకం ఒట్టి ఇబ్బంది కాదు, పొటాషియం పెరగడానికి అదీ ఒక కారణం. మన ఉదాహరణలో మనిషి పండ్లు, ఆకుకూరలు ఒక్కసారిగా మానేసి అన్నం, బ్రెడ్ మీద బతకడం మొదలుపెట్టారు. పీచు తగ్గింది, మూడు రోజులకోసారి విరేచనం. ఉన్న రెండో దారి కూడా సగం మూసుకుపోయినట్టే.

కాబట్టి షీట్‌లో "అరటి వద్దు" అన్న మాట పక్కనే పీచు ఎక్కడి నుంచి రావాలో కూడా ఉండాలి. తొక్కతో తిన్న ఒక మోస్తరు యాపిల్‌లో పొటాషియం 200 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది, పీచు బాగా ఉంటుంది. పియర్ పండూ అంతే. కూరగాయల్లో క్యాబేజీ, వంకాయ, కాలీఫ్లవర్, బీన్స్, కీరదోస వాడుకోవచ్చు. ఉడికించి నీళ్లు వంపేశాక 100 గ్రాములకు చాలావాటిలో 200 లోపే ఉంటుంది. కీరదోస పచ్చిగానే ఆ హద్దులో ఉంటుంది.

అయితే తినదగిన పక్కన పేరు కనబడిందని కొలత వదిలేయకూడదు. పుచ్చకాయ 100 గ్రాముల్లో పొటాషియం 110 మిల్లీగ్రాములే. కానీ పుచ్చకాయను ఎవరూ 100 గ్రాములు కోసుకుని తినరు. అర కిలో తింటే 550 దాటుతుంది, దాంతో పాటు అర లీటరుకు దగ్గరగా నీళ్లు కూడా చేరతాయి. రెండు యాపిళ్లు తింటే ఒక అరటిపండుకు దగ్గరవుతుంది. ఇదే లెక్కను తిరగేసి చూస్తే, పొటాషియం అదుపులోకి వచ్చాక అరటిపండు మీద ఎంతో ఇష్టం ఉన్న మనిషికి అప్పుడప్పుడు సగం అరటిపండు నిషిద్ధమేమీ కాదు. ఆ సగంలో ఉండేది ఒక యాపిల్‌లో ఉండేదానికి కాస్త ఎక్కువ, అంతే. రోజంతటి లెక్కలో దానికి చోటు ఉందా లేదా అన్నదే ప్రశ్న.

బంగాళదుంప సంగతి కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే చాలా షీట్లలో రాసే సలహా సగమే పని చేస్తుంది. ముక్కలు కోసి రాత్రంతా నీళ్లలో నానబెడితే పొటాషియం పోతుందని రాస్తారు. చల్లటి నీళ్లలో ఊరికే నానబెట్టడం వల్ల తగ్గేది చాలా తక్కువ. లోపలి కణాలు చెక్కుచెదరకుండా ఉన్నంతసేపు పొటాషియం బయటికి రాదు. వేడి తగిలి కణాల గోడలు మెత్తబడితేనే వస్తుంది. తొక్క తీసి, చిన్న ముక్కలుగా కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికిస్తే సుమారు సగం తగ్గుతుంది. తురిమి ఉడికిస్తే నాలుగింట మూడు వంతుల దాకా కూడా పోతుంది. సగం ఉడికాక ఆ నీళ్లు వంపేసి, కొత్త నీళ్లు పోసి మళ్లీ ఉడికించే పద్ధతి ఇంకా నయం. ఆ తర్వాత వేయించుకున్నా, మెదిపి కూర చేసుకున్నా పర్వాలేదు. ప్రెషర్ కుక్కర్‌లో కొంచెం నీళ్లతో ఉడికించి ఆ నీళ్లతోనే కూర చేస్తే, మైక్రోవేవ్‌లో పెడితే, కాల్చితే మాత్రం ఏమీ తగ్గదు. ఎంత ఉడికించినా కొంత పొటాషియం మిగిలే ఉంటుంది కాబట్టి ఒక పూట, అర కప్పు అన్న హద్దు ఉండాల్సిందే.

చిక్కబరిచినవి, ఎండబెట్టినవి మాత్రం నిజంగా పక్కన పెట్టాల్సినవి. నీళ్లు పోయాక పొటాషియం అంతా కొద్ది చోటులో పోగవుతుంది. తాజా టమాటా 100 గ్రాముల్లో 240 ఉంటే, చిక్కని టమాటా పేస్టు 100 గ్రాముల్లో 1000 దాకా ఉంటుంది. ఎండుద్రాక్ష, ఎండు ఆప్రికాట్ కూడా ఈ కోవలోవే. పండు తినబోయే చోట పండ్ల రసం తాగితే ఒక్క గ్లాసులో రెండు మూడు పండ్లు దిగిపోతాయి, పీచు మాత్రం రాదు.

ఉప్పు, ఫాస్ఫరస్: ప్యాకెట్ వెనక చదవాల్సినవి

మరి ఆ ఉప్పు తీసేస్తే దాని బదులు ఏమిటి? మామూలు ఉప్పే, తక్కువగా. రోజుకు మొత్తం 5 గ్రాములు, అంటే తలగొట్టిన ఒక టీస్పూన్ మించకూడదు. ఇందులో బ్రెడ్, సాస్, చిప్స్, సూప్ పొడి, నిల్వ పచ్చళ్ల ద్వారా వచ్చేదీ కలిసే ఉంటుంది. అందుకే వంటలో వేసే ఉప్పును ఒకేసారి సగం చేయడం కంటే, ప్యాకెట్ సరుకు తగ్గించడం తేలిక. నాలుక కొత్త రుచికి అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాల్లో నిమ్మరసం, వెనిగర్, వెల్లుల్లి, మిరియాలు, జీలకర్ర, అల్లం బాగా ఆదుకుంటాయి. సగం నిమ్మకాయ రసంలో ఉండే పొటాషియం లెక్కలోకి కూడా రాదు. పులుపు తగిలితే ఉప్పు తక్కువన్న సంగతి నాలుకకు అంతగా తెలియదు. ఉప్పును వంట మొదట్లో కాకుండా చివర్లో, పైన చల్లితే తక్కువ ఉప్పుతోనే ఎక్కువ రుచి తెలుస్తుంది.

షీట్లు తగ్గించమని చెప్పే ఇంకో ఖనిజం ఫాస్ఫరస్. దాని విషయంలో అవి చేసే పొరపాటు ఇంకో రకం. పప్పులు, గింజలు, ముడి ధాన్యాల్లో ఫాస్ఫరస్ ఎక్కువని వాటిని జాబితాలో ముందు పెడతారు. వాటిలో ఉన్నమాట నిజమే, కానీ అది చాలావరకు ఫైటేట్ రూపంలో బంధించి ఉంటుంది. దాన్ని విడగొట్టే శక్తి మన పేగుకు పెద్దగా లేదు, అందువల్ల సగం కంటే తక్కువే రక్తంలోకి చేరుతుంది. పాలు, మాంసంలోది అంతకంటే ఎక్కువ చేరుతుంది. తయారీలో కలిపే ఫాస్ఫేట్ లవణాలు మాత్రం దాదాపు మొత్తం, 90 శాతం దాకా, చేరతాయి. నిల్వ మాంసం, సాసేజ్, ప్రాసెస్డ్ చీజ్, కోలా డ్రింకులు, కొన్ని రెడీమేడ్ బేకరీ పిండ్లు వీటికి నిలయం. పదార్థాల జాబితాలో ఫాస్ఫేట్ అన్న పేరు గానీ, 338 నుంచి 341 వరకు, 450, 451, 452 అంకెలు గానీ కనిపిస్తే ఆ ప్యాకెట్ వెనక్కి పెట్టేయడమే మేలు. ప్రాసెస్ చేసిన మాంసం బదులు తాజా కోడి మాంసమో చేపో, కోలా బదులు నిమ్మకాయ నీళ్లో, రెండు గుడ్ల బదులు ఒక గుడ్డు, ఒక తెల్లసొనో తీసుకోవచ్చు. తెల్లసొనలో మాంసకృత్తులు బాగా ఉంటాయి, ఫాస్ఫరస్ దాదాపు ఉండదు. అది ఉండేదంతా పచ్చసొనలోనే.

షీట్ మీద తేదీ

ఒకే షీట్ ఏళ్ల తరబడి ఫ్రిజ్ తలుపు మీద అతికించి ఉంచే ఇళ్లు చాలా ఉన్నాయి. మాంసకృత్తుల విషయంలో ఇది పెద్ద నష్టం చేస్తుంది. డయాలసిస్ లేని దశలో సాధారణంగా చెప్పే కొలత కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాములు, కొందరికి అంతకంటే తక్కువ. మన ఉదాహరణలో 60 కిలోల మనిషికి 48 గ్రాములు. అదే మనిషికి రేపు డయాలసిస్ మొదలైతే కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు, అంటే 60 నుంచి 72 గ్రాములు కావాలి. డయాలసిస్‌లో మాంసకృత్తుల ముక్కలు కొన్ని బయటికి పోతాయి కాబట్టి అవసరం పెరుగుతుంది. అప్పుడు కూడా పాత షీట్ పట్టుకుని గుడ్డు, చేప తగ్గించుకుంటే కండ కరుగుతుంది. బరువు తగ్గడం కంటే ముందే చేతి పట్టు సడలడం, కుర్చీలోంచి లేవడానికి చేతులు ఆనించాల్సి రావడం కనిపిస్తాయి. ఒంట్లో నీరు చేరితే తూకంలో బరువు తగ్గినట్టు కూడా కనబడదు.

పొటాషియం తగ్గించుకోమన్న సలహా కూడా అందరికీ కాదు. రక్తంలో అది మామూలుగా ఉన్న తొలి దశల రోగి, పండ్లూ కూరగాయలూ మానుకోవాల్సిన పని లేదు. మానితే పీచు పోతుంది, రక్తంలో ఆమ్లం పెరగడానికీ దారి ఏర్పడుతుంది. ఆమ్లం పెరిగితే కణాల్లోని పొటాషియం రక్తంలోకి వస్తుంది. పొట్ట ద్వారా డయాలసిస్ చేసుకునేవాళ్లలో కొందరికైతే పొటాషియం పడిపోతుంది కూడా. వాళ్లకు అరటిపండు తినమనే చెప్పాల్సి వస్తుంది. కాబట్టి షీట్‌లో పండు పేరు చూసే ముందు తాజా రిపోర్టులో అంకె చూడాలి.

స్టార్ ఫ్రూట్ ఒక్కదానికి ఈ కొలతలేవీ వర్తించవు. అందులో నరాలను దెబ్బతీసే ఒక పదార్థం ఉంది, కిడ్నీలు బాగుంటే అది బయటికి పోతుంది. కిడ్నీ రోగిలో అది నిలిచిపోయి ఆగని ఎక్కిళ్లు, తికమక, ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. దాని పక్కన మాత్రం "పూర్తిగా వద్దు" అని రాయడమే సరి.

మళ్లీ మన మనిషి దగ్గరికి వస్తే, 5.8 చూసి డాక్టర్ మొదట చేసే పని మళ్లీ రక్తం తీయించడం కావచ్చు. సూది గుచ్చినప్పుడు రక్తకణాలు చితికితే వాటిలోని పొటాషియం బయటికి వచ్చి అంకె పెద్దదిగా చూపిస్తుంది. నిజంగానే ఎక్కువుంటే మందులూ చూడాలి. కిడ్నీలను కాపాడటానికి ఇచ్చే కొన్ని బీపీ మాత్రలే పొటాషియం పెంచుతాయి. వాటిని ఎవరికి వాళ్లు ఆపేయకూడదు. ఆపితే కిడ్నీకి ఉన్న రక్షణ పోతుంది, డోసు మార్చాలా, వేరే మందు జత చేయాలా అన్నది డాక్టర్ తేల్చాలి. నొప్పి మాత్రలు వేసుకుంటున్నారేమో కూడా చెప్పాలి. వంటింట్లో మార్చాల్సినవి మూడే: ఉప్పు ప్యాకెట్, సూప్ నీళ్లు, నారింజ రసం. రోజుకో యాపిల్, పూటకో ఉడికించిన కూర తిరిగి కంచంలోకి రావాలి. తర్వాత ఒకటి రెండు వారాల్లో, డాక్టర్ చెప్పిన రోజున, మళ్లీ పరీక్ష.

పొటాషియం 6 దాటినా, కాళ్లు చేతులు ఒక్కసారిగా బలహీనపడినా, గుండె దడ, తల తిరగడం లాంటివి వచ్చినా ఆహారం సరిచేసుకుంటూ ఇంట్లో కూర్చోకూడదు. పొటాషియం ప్రమాదకరంగా పెరిగినా కొందరికి ఏ లక్షణమూ ఉండదు, గుండె లయ నేరుగా తప్పుతుంది. అందుకని ఒంట్లో బాగానే ఉన్నా ఆ అంకె చూసిన వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోవాలి. వెళ్లేటప్పుడు మందుల చీటీతో పాటు ఇంట్లో వాడుతున్న ఉప్పు ప్యాకెట్ కూడా పట్టుకెళితే కారణం తొందరగా దొరుకుతుంది.